బదిలీ భత్యం: కాగితం మీద లక్ష, చేతికి ఎంత?

హైదరాబాద్ ఆఫీసు నుంచి పుణె ఆఫీసుకు బదిలీ అయిన ఒక ఉద్యోగి జీతం ఏడాదికి 12 లక్షల 75 వేలు అనుకుందాం. కొత్త పన్ను విధానంలో ఆ జీతం మీద ఒక్క రూపాయి కూడా పన్ను కట్టక్కర్లేదు. బదిలీ ఖర్చులకని కంపెనీ 60 వేల రూపాయలు ఏకమొత్తంగా ఇచ్చింది. ఆ 60 వేలు జీతంలో కలిసేసరికి కట్టాల్సిన పన్ను 62,400 రూపాయలైంది. వచ్చింది వచ్చినట్టే పోగా ఇంకో 2,400 చేతి చమురు వదిలింది. సామాను లారీకి, రైలు టిక్కెట్లకు అయిన ఖర్చు ఇందులో చేరలేదు.

ఇది లెక్కలో దొర్లిన తప్పు కాదు. చట్టం ప్రకారం వేసిన లెక్కే. ఎలా వచ్చిందో కాసేపట్లో చూద్దాం. ఊరు మారమన్నప్పుడు కంపెనీలు డబ్బు ఇచ్చే పద్ధతులు రెండు. ఒకటి, ఇంత అని ఏకమొత్తంగా చేతిలో పెట్టడం. దీన్నే రిలొకేషన్ అలవెన్స్ అంటారు. రెండోది, అయిన ఖర్చుకు బిల్లులు చూపిస్తే అంతవరకు తిరిగి ఇవ్వడం, అంటే రీయింబర్స్‌మెంట్. ‘లక్ష అలవెన్స్’, ‘లక్ష వరకు బిల్లులు’ అన్న రెండు మాటలూ ఆఫర్ లెటర్‌లో ఒకేలా కనిపిస్తాయి. బ్యాంకు ఖాతాకు వచ్చేసరికి ఒక్కోసారి ఈ రెంటికీ 60 వేల పైగా తేడా వస్తుంది.

ముందు సాధారణంగా ఎదురయ్యే లెక్క చూద్దాం. జీతం 18 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే పన్ను పడే ఆదాయం 17 లక్షల 25 వేలు. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానంలో 16 నుంచి 20 లక్షల మధ్య పడే ప్రతి రూపాయి మీదా 20 శాతం పన్ను ఉంటుంది. ఆ పన్ను మీద మళ్లీ 4 శాతం సెస్. రెండూ కలిపితే 20.8 శాతం. లక్ష రూపాయల అలవెన్స్ మొత్తం ఈ శ్లాబులోనే పడుతుంది కాబట్టి 20,800 పన్నుగా పోయి 79,200 చేతికి వస్తాయి. జీతం మొత్తానికి సగటున పడే పన్ను శాతం చూసి అలవెన్స్‌కూ అంతే కోత పడుతుందని లెక్కేసుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. అలవెన్స్ జీతం పైన వచ్చి చేరుతుంది. అందువల్ల దానికి వర్తించేది మీ ఆదాయంలోని చిట్టచివరి శ్లాబు రేటు. జీతం 30 లక్షలున్నవారికి అదే లక్ష మీద 31,200 పోతుంది.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. భార్యాభర్తలు, ఒక పిల్లాడు, రెండు పడగ్గదుల ఇంటి సామాను. హైదరాబాద్ నుంచి పుణెకు ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కు జీఎస్‌టీతో కలిపి 48 వేలు, బండి పంపడానికి 7 వేలు, ప్రయాణానికి 6 వేలు అనుకుందాం. ఇల్లు దొరికేదాకా పది రోజులు హోటల్లో ఉంటే 25 వేలు. ఇల్లు చూపించిన బ్రోకర్‌కు ఒక నెల అద్దె, 28 వేలు. మొత్తం లక్షా 14 వేలు. ఇంటి ఓనర్‌కు కట్టే అడ్వాన్స్ తిరిగొచ్చే డబ్బు గనుక దాన్ని ఖర్చులో కలపలేదు. కానీ ఆ నెలలో అదీ చేతిలో ఉండాల్సిందే.

ఈ బిల్లులన్నిటినీ పన్ను చట్టం ఒకే చూపు చూడదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(14), దానికి అనుబంధంగా రూల్ 2బీబీ ఉన్నాయి. బదిలీ మీద ప్రయాణానికి, సొంత సామాను సర్ది తరలించడానికి ఇచ్చే అలవెన్స్‌లో నిజంగా ఖర్చయిన మేరకు పన్ను ఉండదని వాటి సారాంశం. కొత్త పన్ను విధానంలో మినహాయింపులన్నీ పోయాయని చాలామంది అనుకుంటారు. ఇంటి అద్దె భత్యం వంటివి పోయిన మాట నిజమే. బదిలీ ఖర్చుల మినహాయింపును మాత్రం కొత్త విధానంలోనూ ఉంచారు. 2020లో రూల్ 2బీబీని సవరించి ఈ సంగతి స్పష్టంగా రాశారు. కాబట్టి లారీ, బండి, టిక్కెట్లు కలిపి మన లెక్కలోని 61 వేలు పన్ను లేని ఖర్చు.

హోటల్ సంగతి కొంచెం వేరు. బదిలీ అయిన ఉద్యోగిని కంపెనీయే హోటల్లో ఉంచితే 15 రోజుల దాకా దాన్ని జీతంలో భాగంగా లెక్కగట్టరు. ఇది అలవెన్స్‌కు సంబంధించిన రూలు కాదు, కంపెనీ ఇచ్చే వసతికి విలువ కట్టే రూలు. అందుకే గది కంపెనీ పేరు మీద బుక్కయి, బిల్లు కంపెనీయే చెల్లించడం క్షేమం. మీరు కట్టి అలవెన్స్‌లోంచి సర్దుకుంటే ఆ 25 వేలకు మినహాయింపు దొరుకుతుందన్న భరోసా లేదు. ఇక బ్రోకర్‌కు ఇచ్చింది, పిల్లాడి కొత్త బడికి కట్టిన అడ్మిషన్ ఫీజు, గ్యాస్ కనెక్షన్, ఇంటర్నెట్ ఖర్చులు ఉన్నాయి. బదిలీ అయితే తప్ప ఇవేవీ వచ్చేవి కావు. అయినా పేరోల్ విభాగాలు సాధారణంగా వీటిని ఒప్పుకోవు. ఒప్పుకుని చెల్లించినా జీతంగా చూపి పన్ను పట్టుకుంటాయి.

ఇప్పుడు ఆ 18 లక్షల జీతగాడికే మూడు దారులు వేసి చూద్దాం. మొదటిది, లక్ష అలవెన్స్ తీసుకుని బిల్లులు ఎక్కడా చూపకపోవడం. చేతికి 79,200. ఖర్చు లక్షా 14 వేలు కాబట్టి జేబులోంచి 34,800 పోతాయి.

రెండోది, అదే అలవెన్స్ తీసుకుని లారీ, బండి, టిక్కెట్ల బిల్లులు పేరోల్‌కు ఇవ్వడం. అప్పుడు 61 వేల మీద పన్ను ఉండదు. మిగిలిన 39 వేల మీదే 8,112 పన్ను. చేతికి 91,888. జేబులోంచి పోయేది 22,112. ఈ దారి ఉందని చాలామందికి తెలియదు. ఏకమొత్తమంటే మొత్తం పన్నుకే పోతుందని ముందే ఆశ వదులుకుని బిల్లులు పారేస్తారు. చట్టం చూసేది డబ్బు ఇచ్చిన పద్ధతిని కాదు, దాన్ని దేనికి ఇచ్చారు, అందులో ఎంత నిజంగా ఖర్చయింది అన్న విషయాన్ని.

మూడోది రీయింబర్స్‌మెంట్. లక్ష వరకు పరిమితి. సామాను, ప్రయాణం 61 వేలు, కంపెనీ బుక్ చేసిన హోటల్ 25 వేలు, మొత్తం 86 వేలు పన్ను లేకుండా తీరిపోతాయి. బ్రోకర్ ఫీజు కంపెనీ ఇవ్వదు కాబట్టి ఆ 28 వేలు సొంత డబ్బు.

ఈ ఉద్యోగి వరకు చూస్తే అన్నిటికన్నా తక్కువ నష్టం రెండో దారిలోనే. రీయింబర్స్‌మెంట్ ఎప్పుడూ మేలే అన్న మాట ఇక్కడ నిలబడదు. బిల్లుకు అందని ఖర్చులు ఎక్కువైనకొద్దీ, పన్ను పోయినా సరే, చేతిలో పడే డబ్బే ఆదుకుంటుంది. రెండు సూట్‌కేసులు, ఒక బండితో పుణె వెళ్లే పెళ్లికాని కుర్రాడి విషయంలో ఇది ఇంకా స్పష్టం. అతనికయ్యే ఖర్చంతా 20 వేలు దాటదు. రీయింబర్స్‌మెంట్‌లో ఆ 20 వేలు వస్తాయి, కథ ముగుస్తుంది. లక్ష అలవెన్స్ తీసుకుని ఆ 20 వేల బిల్లులు చూపిస్తే పన్ను 80 వేల మీదే, అంటే 16,640. ఖర్చులన్నీ పోను 63 వేల పైచిలుకు మిగులుతుంది. అతను అలవెన్స్ కోరుకోవడమే సరైన పని.

ఇక మొదట చెప్పిన 12 లక్షల 75 వేల జీతం దగ్గరికి వద్దాం. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో నాలుగైదేళ్ల అనుభవం ఉన్న పిల్లల్లో చాలామంది ఈ చుట్టుపక్కలే ఉంటారు కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

స్టాండర్డ్ డిడక్షన్ పోగా వీరి ఆదాయం సరిగ్గా 12 లక్షలు. శ్లాబుల ప్రకారం దాని మీద 60 వేల పన్ను పడాలి. 12 లక్షలు దాటనివారికి ఆ పన్ను మొత్తాన్ని రిబేటుగా వదిలేస్తారు. దాటితే ఆ రిబేటు పోతుంది. అయితే రూపాయి దాటినందుకు 60 వేలు కట్టమనడం అన్యాయం కనుక మార్జినల్ రిలీఫ్ అని ఒక ఊరట పెట్టారు. 12 లక్షల పైన ఎంత వస్తే పన్ను అంతకు మించకూడదన్నది ఆ ఊరట. వినడానికి బాగానే ఉంది. దాని అర్థం మరోలా చెప్పుకుంటే, పైన వచ్చిన ప్రతి రూపాయీ పన్నుకే పోవచ్చు. దానికి తోడు 4 శాతం సెస్ ఆ ఊరట ఇచ్చాక మిగిలిన పన్ను మీద పడుతుంది. 60 వేలకు 60 వేల పన్ను, దాని మీద 2,400 సెస్. అలా 62,400 అయింది. మరే ఆదాయమూ లేదనుకుంటే, ఈ జీతం మీద దాదాపు 74 వేల దాకా ఎంత అలవెన్స్ ఇచ్చినా చేతికి రూపాయి మిగలదు. లక్ష ఇస్తే 78 వేలు పన్నుకు పోయి మిగిలేది 22 వేలు.

ఈ ఉద్యోగికీ అవే మూడు దారులు వేసి చూస్తే చిత్రం తలకిందులవుతుంది. లక్ష తీసుకుని బిల్లులు చూపకపోతే చేతికి 22 వేలే కాబట్టి లక్షా 14 వేల ఖర్చులో 92 వేలు సొంత డబ్బు. 61 వేల బిల్లులు చూపితే ఆదాయం 12 లక్షల 39 వేలు, పన్ను 40,560. చేతికి 59,440, సొంత డబ్బు 54,560. రీయింబర్స్‌మెంట్ అయితే ఆదాయం 12 లక్షల దగ్గరే ఆగుతుంది, పన్ను సున్నా, సొంత డబ్బు బ్రోకర్‌కు ఇచ్చిన 28 వేలే. అవే ఖర్చులు, అదే లక్ష. మొదటి దారికీ మూడో దారికీ తేడా 64 వేలు. ఈ జీతం దగ్గర ఉన్నవాళ్లు ఏకమొత్తం ఒద్దని చెప్పి బిల్లుల దారే అడగాలి. కంపెనీ ఏకమొత్తం తప్ప మరొకటి ఇవ్వనంటే ఇంకో మార్గం ఉంది. మూల వేతనంలో 14 శాతం వరకు కంపెనీ వాటాగా ఎన్‌పీఎస్‌లో వేయించుకుంటే కొత్త విధానంలోనూ ఆ మొత్తం ఆదాయంలోంచి తగ్గుతుంది. మూల వేతనం జీతంలో సగమైతే అది దాదాపు 89 వేలు. పన్ను నుంచి బయటపడొచ్చు గానీ ఆ డబ్బులో ఎక్కువ భాగం పదవీ విరమణ దాకా చేతికి రాదని గుర్తుంచుకుని నిర్ణయించుకోండి.

బిల్లు అన్న మాట తేలిక, దాన్ని సంపాదించడం అంత తేలిక కాదు. ప్యాకర్స్ వాళ్లు రేటు చెప్పేటప్పుడే ‘బిల్లు కావాలంటే జీఎస్‌టీ అదనం’ అంటారు. మన 48 వేల పని బిల్లు లేకుండా దాదాపు 41 వేలకే చేస్తామంటారు. ఏడు వేలు కలిసొస్తాయని చాలామంది సరేనంటారు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి ఆ బిల్లు వల్ల తగ్గే పన్ను 9,984 రూపాయలు. అంటే బిల్లుతోనే మూడు వేలు మిగులు. తక్కువ శ్లాబులో ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది. కానీ దారిలో ఫ్రిజ్ డోరు సొట్టపోయినా, టీవీ పగిలినా అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం ఆ బిల్లూ, దానితో వచ్చే లారీ రసీదూ, సామాన్ల జాబితా. ఇవి లేకుండా ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా కష్టం. రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికైతే బిల్లు లేకపోతే డబ్బే లేదు.

పేరోల్ వాళ్లు తిప్పికొట్టే బిల్లుల్లో లోపాలు దాదాపు ఒకేలా ఉంటాయి. పేరు ఉద్యోగిది కాకుండా ఇంట్లో వాళ్లది ఉంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది ఉండదు. జీఎస్‌టీ నంబరు ఉండదు, ఉన్నా ఆ నంబరు వెతికితే వేరే వ్యాపారం వస్తుంది. డబ్బు నగదుగా ఇవ్వడం వల్ల చెల్లించిన ఆనవాలు ఉండదు. బదిలీ తేదీకీ బిల్లు తేదీకీ ఆర్నెల్ల దూరం ఉంటుంది. లారీ ఎక్కించేముందే బిల్లు నమూనా అడిగి పేరు, రెండు ఊళ్ల చిరునామాలు సరిచూసుకుని, యూపీఐ ద్వారానో బ్యాంకు ద్వారానో చెల్లిస్తే ఈ తిప్పలన్నీ తప్పుతాయి. బదిలీ ఉత్తర్వు కాపీ కూడా ఈ కాగితాలతోనే పెట్టుకోండి. గడువు దాటి పేరోల్ తీసుకోకపోతే రిటర్న్ దాఖలు చేసేటప్పుడు జీతం షెడ్యూల్‌లో మినహాయింపు అలవెన్సుల కింద మీరే చూపుకోవచ్చు. అయితే ఆధారాలు మీ దగ్గర భద్రంగా ఉండాలి. దొంగ బిల్లు పెట్టే ఆలోచన మాత్రం వద్దు. బూటకపు మినహాయింపుల మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జులైలో దేశమంతటా సోదాలు చేసింది. తప్పుడు లెక్క చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు జరిమానా ఉంటుంది.

ఇంతవరకు చెప్పిందంతా ఒకే కంపెనీలో ఊరు మారిన ఉద్యోగి గురించి. కొత్త కంపెనీలో చేరడానికి ఊరు మారేవారి పరిస్థితి ఇంత సుఖంగా ఉండదు. రూల్లో ఉన్న మాట ‘బదిలీ’. కొత్తగా చేరడం బదిలీ కిందికి రాదని చాలా కంపెనీలు జాగ్రత్తకు పోయి, బిల్లులు చూపినా ఆ డబ్బును జీతంగానే లెక్కగడతాయి. మరికొన్ని బిల్లుల మేరకు మినహాయిస్తాయి. చేరకముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాల్సిన విషయమిది. డబ్బును లెటర్‌లో ఏ పేరుతో రాశారన్నదీ చూడండి. ‘జాయినింగ్ బోనస్’ అని రాస్తే దానికి బదిలీ ఖర్చుతో సంబంధం తెగిపోతుంది. ఏ బిల్లూ దాన్ని కాపాడలేదు. ఏడాది మధ్యలో చేరేవారు పాత కంపెనీ జీతం వివరాలు ఫారం 12బీలో కొత్త కంపెనీకి ఇవ్వాలి. ఇవ్వకపోతే కొత్త కంపెనీ మిగిలిన నెలల జీతం మాత్రమే చూసి తక్కువ పన్ను కోస్తుంది. అలవెన్స్ పూర్తిగా వచ్చిందన్న సంతోషంతో ఖర్చుపెట్టేసుకున్నాక, రిటర్న్ వేసే జులైలో ఆ పన్ను వడ్డీతో సహా ఎదురవుతుంది.

లెటర్ చివర ఇంకో వాక్యం ఉంటుంది. ఏడాది లోపు ఉద్యోగం మానేస్తే రిలొకేషన్ డబ్బు వెనక్కి ఇవ్వాలని. ఇక్కడ అడిగేది సాధారణంగా చేతికొచ్చిన 79,200 కాదు, మొత్తం లక్ష. అదే ఆర్థిక సంవత్సరంలో తిరిగిచ్చేస్తే పేరోల్ ఆ పన్నును సర్దుబాటు చేయగలదు. మార్చి దాటి తర్వాతి సంవత్సరంలో ఇస్తే, కట్టేసిన 20,800 పన్ను రాబట్టుకోవడం చాలా కష్టం. ‘పన్ను పోను అందిన మొత్తం మాత్రమే తిరిగి చెల్లించాలి’ అని ఆ వాక్యాన్ని మార్చమని సంతకానికి ముందు అడిగితే కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. సంతకం అయ్యాక ఎవరూ ఒప్పుకోరు.

కొన్ని కంపెనీలు పన్ను కూడా తామే భరిస్తాయి. దీన్ని గ్రాస్ అప్ అంటారు. 20 శాతం శ్లాబులోని ఉద్యోగికి చేతికి లక్ష అందాలంటే కంపెనీ లక్షా 26 వేల 263 రూపాయలు జీతంగా చూపాలి. పై హోదాలో ఉన్నవారికి ఇది మామూలుగా ఇస్తారు, మిగిలినవారికి అడిగితేనే ఇస్తారు. అడిగినందుకు పోయేదేమీ లేదు.

ఈ లెక్కలన్నీ 2025-26 శ్లాబులతో వేసినవి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి. మీ సంవత్సరపు శ్లాబులు, నిబంధనలు చూసుకుని మీ అంకెలతో ఒకసారి వేసుకోండి. ఊరు మారమని మెయిల్ రాగానే హెచ్‌ఆర్‌కు మీరు ఒక మెయిల్ రాయండి. ఈ డబ్బు అలవెన్స్‌గా ఇస్తున్నారా, బిల్లుల మీదనా? అలవెన్స్ అయితే బిల్లులు చూపితే పన్ను మినహాయిస్తారా, వాటిని ఏ తేదీలోగా ఇవ్వాలి? హోటల్ మీరే బుక్ చేస్తారా? మానేస్తే వెనక్కి ఇవ్వాల్సింది పన్నుతో కలిపా, పన్ను పోనా? జవాబులు మెయిల్లోనే తెప్పించుకోండి. ప్యాకర్స్‌కు అడ్వాన్స్ ఇచ్చేది ఆ తర్వాతే.